నొప్పి లేని సిమెంట్ వాత: చేతికి అంటిన నిమిషం నుంచి మూడో రోజు దాకా ఏం చేయాలి

ఉదయం తొమ్మిదింటికి స్లాబ్ పోత మొదలైంది. కాంక్రీట్ సర్దుతున్న కుర్రాడికి ఇరవై నాలుగేళ్లుంటాయి. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకున్నాడు, కాకపోతే అవి మణికట్టు దాటి రాని పొట్టివి. పదింటి ప్రాంతంలో పంపు పైపు ఒక్కసారి ఎగదన్నింది. ముంజేతి మీద సిమెంట్ పాలు చిందాయి. చెయ్యి దించగానే అవి జారి కుడి గ్లౌజులోకి దిగాయి.

నేను అప్పట్లో సైట్‌లో ప్రథమ చికిత్స చూసుకునేవాణ్ని. మధ్యాహ్నం ఒకసారి అడిగాను కూడా. "లోపల తడిగా ఉందన్నా, చల్లగానే ఉంది. ఏం కాదు" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ 'సరే' నా తప్పు. మూడింటికి గ్లౌజు తీస్తే వేళ్లు చాలాసేపు నీళ్లలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి, జిగురుగా జారుతూ ఉన్నాయి. తాపీలు కడిగే బకెట్‌లో చెయ్యి ముంచి ఓ నిమిషం రుద్దుకుని వెళ్లిపోయాడు. రాత్రి తొమ్మిదికి మంట మొదలైంది. తెల్లారేసరికి ఉంగరపు వేలు మొదట్లో బొటనవేలి గోరంత మేర బూడిదరంగు మచ్చ. మూడో రోజుకి అది ముదురు గోధుమరంగులోకి తిరిగి, తోలులా గట్టిపడింది. మచ్చ మధ్యలో తాకితే అతనికి ఏమీ తెలియడం లేదు.

సిమెంట్ పనిలో ఉన్నవాళ్లు దీన్ని "సిమెంట్ తినేసింది" అంటారు. వేలి కొసలు అరిగి చిన్న చిన్న గుంటలు పడ్డా అదే మాట, ఇలాంటి లోతు గాయానికీ అదే మాట. రెండింటికీ ఒకే మాట కావడంతో రెండోదాన్ని కూడా మొదటిదానిలాగే తీసిపారేస్తారు. ఈ వ్యాసం రెండోదాని గురించి: తడి సిమెంట్, మాలు, కాంక్రీట్ లేదా సున్నం గంటల తరబడి చేతికి అంటుకుని ఉన్నప్పుడు ఏ గంటకి ఏం చేయాలి, ఏం చూడాలి.

నొప్పి ఎందుకు ఆలస్యంగా వస్తుంది

సిమెంట్‌కి నీళ్లు తగలగానే అందులోంచి కాల్షియం హైడ్రాక్సైడ్ విడుదలవుతుంది. అంటే తడి సున్నమే. చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5 చుట్టుపక్కల. తడి సిమెంట్‌ది 12 నుంచి 13 దాకా ఉంటుంది. పీహెచ్‌లో ఒక్కో మెట్టు ఎక్కితే క్షార బలం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, పీహెచ్ 7 దగ్గర ఉండే మంచినీళ్లకీ సిమెంట్ నీళ్లకీ మధ్య తేడా లక్ష రెట్లు పైమాటే.

ఆమ్లం పడితే వెంటనే భగ్గున మండుతుంది. పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఒక పెచ్చులా ఏర్పడతాయి, చాలా సందర్భాల్లో ఆ పెచ్చే ఆమ్లాన్ని ఇంకా లోపలికి పోకుండా కొంత ఆపుతుంది. క్షారం పని వేరు. అది చర్మంలోని కొవ్వుని సబ్బుగా మారుస్తుంది, మాంసకృత్తుల్ని మెత్తబరిచి కరిగిస్తుంది. దారిలో అడ్డుగోడ ఏదీ ఏర్పడదు కాబట్టి కిందికి దిగుతూనే ఉంటుంది. ఆ కుర్రాడి వేళ్లు జిగురుగా జారాయని చెప్పాను కదా, చాలామంది దాన్ని సిమెంట్ జిగురే అనుకుంటారు. నిజానికి అందులో కొంత అతని చర్మపు కొవ్వే సబ్బుగా మారింది. చేతికి ఆ సబ్బు జారుడు తెలిసిందంటే పని అప్పటికే మొదలైపోయిందని అర్థం.

ఇదంతా నెమ్మదిగా, వేడి లేకుండా జరుగుతుంది. అందుకే నరాలు ముందుగా హెచ్చరించవు. మంట సాధారణంగా కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి గానీ తెలియదు. గాయం బాగా లోతుకి పోతే నొప్పిని మోసే నరాల కొసలే దెబ్బతిని, ఆ చోట మళ్లీ నొప్పి ఉండదు. అంటే నొప్పి లేకపోవడానికి రెండు అర్థాలు ఉన్నాయి: ఇంకా మొదలు కాలేదు, లేదా నరాల దాకా పోయింది. ఏమీ కాలేదనే మూడో అర్థం కూడా ఉండొచ్చు గానీ, నొప్పిని బట్టి ఆ మూడింట్లో ఏదో తేల్చలేం.

చేతిలో కొన్ని చోట్లు ముందు దెబ్బతింటాయి. అరచేతి చర్మం మందం కాబట్టి కాస్త తట్టుకుంటుంది. చేతి వెనక వైపు, వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ, ఉంగరం కింద, గ్లౌజు అంచు ఒరుసుకునే మణికట్టు దగ్గర చర్మం పల్చన. పైగా ఇసుక రేణువులు గీరిన సన్నని గీతల్లోంచి క్షారం తేలిగ్గా లోపలికి పోతుంది. పొడి సిమెంట్ కూడా చెమట తగిలితే తడి సిమెంటే అవుతుంది.

1వ అడుగు: తీసేయండి, గడియారం చూడండి

తడి లోపలికి పోయిందని తెలిసిన క్షణంలోనే గ్లౌజు తీయాలి. "ఈ తట్ట అయ్యాక" అనుకోవద్దు. గ్లౌజులోకి సిమెంట్ దిగితే అసలు గ్లౌజు లేనిదానికంటే ప్రమాదం. బయట చేతికి అంటింది ఆరిపోతుంది, రాలిపోతుంది, తుడుచుకుంటాం. లోపల అది చెమటతో కలిసి, ఆరకుండా, చర్మానికి అదుముకుని గంటల తరబడి కూర్చుంటుంది. గుడ్డ గ్లౌజు, తోలు గ్లౌజు కూడా ఇదే పని చేస్తాయి. తడిని పీల్చుకుని చేతికి పట్టీ వేసినట్టు పట్టి ఉంచుతాయి.

తర్వాత ఉంగరం, వాచీ, దారాలు, తడిసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా తీసేయాలి. ఉంగరం విషయంలో అస్సలు మొహమాటం వద్దు. కింద సిమెంట్ ఇరుక్కుంటుంది, పైగా రాత్రికి వేలు వాచాక అది రాదు, రక్తం ఆడకుండా బిగుసుకుంటుంది. అప్పుడు కత్తిరించి తీయాల్సి వస్తుంది.

టైమ్ చూసుకోండి. ఎన్ని గంటలకు అంటింది, ఎన్ని గంటలకు కడగడం మొదలైంది అనే రెండూ ఫోన్‌లో రాసుకోండి. గాయం ఎంత లోతు పోయి ఉంటుందో చెప్పడానికి డాక్టర్‌కి ఈ రెండు అంకెల కంటే పనికొచ్చేది పెద్దగా ఉండదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. అంటింది పొడిగా ఉంటే, ముఖ్యంగా ఇంకా నీళ్లు పోయని సున్నం అయితే, ముందు నీళ్లు పోయకండి. ఆ సున్నానికి నీళ్లు తగిలితే బుసబుసమని పొంగి నీళ్లే మరిగేంత వేడి పుడుతుంది. క్షారపు వాతకి నిప్పు వాత తోడవుతుంది. పొడి గుడ్డతోనో మెత్తటి బ్రష్‌తోనో ముఖానికి దూరంగా, రుద్దకుండా దులపండి. దులిపినంత దులిపాక, మిగిలిన కొద్దిపాటిని కొట్టుకుపోయేలా ఒక్కసారిగా ధారాళంగా నీళ్లు వదలండి. చుక్క చుక్క పోయడమే ఇక్కడ తప్పు. పొడి సిమెంట్‌ని కూడా ఇలాగే ముందు దులిపి తర్వాత కడగాలి. నీళ్లు కలిసిపోయిన మాలు, కాంక్రీట్, తడి సున్నం అయితే దులిపేదేమీ లేదు, నేరుగా నీళ్ల కిందికి వెళ్లాలి.

2వ అడుగు: కడగడం, దీనికే ఎక్కువ సమయం

అసలు చికిత్స ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే. ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే, ఎందుకంటే కళ్లకి సిమెంట్ కనబడకుండా పోగానే కడగడం అయిపోయిందనుకుంటారు. కనబడే సిమెంట్ పోయాక కూడా చర్మంలోకి ఇంకిన క్షారం అక్కడే ఉంటుంది. దాన్ని బయటికి లాగడానికి నీళ్లు చాలాసేపు ఆడుతూ ఉండాలి.

కనీసం 20 నిమిషాలు, ఆగకుండా. గంటల తరబడి అంటుకుని ఉన్నదైతే గంట కూడా పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా. అంతసేపు కడగడం వింతగా అనిపిస్తుంది, పక్కవాళ్లు నవ్వుతారు కూడా. ఒక స్టూలు వేసుకుని కూర్చోండి.

పారే నీళ్లు కావాలి. ఆ కుర్రాడు చేసిన పెద్ద తప్పు బకెట్‌లో ముంచడం. పొద్దుటి నుంచి తాపీలూ పారలూ కడిగిన ఆ నీళ్లు చూడ్డానికి మట్టినీళ్లలా ఉంటాయి గానీ, అవే సిమెంట్ పాలు. కాలిన చేతిని తీసుకెళ్లి మళ్లీ క్షారంలో ముంచినట్టే. శుభ్రమైన బకెట్ అయినా నిలవ నీళ్లలో నానబెడితే చర్మంలోంచి వచ్చిన క్షారం ఆ నీళ్లలోనే తిరుగుతుంటుంది.

కుళాయి లేకపోతే డ్రమ్ముకి పైపు పెట్టి సైఫన్ తీయండి, లేదా ఒకరు మగ్గుతో ఆపకుండా పోస్తూ ఉండాలి. నిమిషానికి 5 లీటర్ల ధార అనుకుంటే 20 నిమిషాలకు 100 లీటర్లు. స్లాబ్ పోత రోజున ఒక డ్రమ్ము మంచినీళ్లు పక్కన పెట్టి, దాన్ని క్యూరింగ్‌కి వాడొద్దని గట్టిగా చెప్పమనేది ఈ లెక్క వల్లే.

నీళ్లు చల్లగా ఉంటే చాలు. ఐస్ వద్దు, వేడినీళ్లు వద్దు. ధార మెత్తగా ఉండాలి, ప్రెషర్ పైపుతో కొట్టకండి. వేళ్లు కిందికి వంచి, మణికట్టు పై నుంచి వేళ్ల కొసల వైపు నీళ్లు జారి నేల మీద పడేలా పట్టుకోండి. తిరగేసి పడితే ఆ మురికి క్షారం మోచేతి దాకా పాకుతుంది. వేళ్లు విడదీసి ఒక్కో సందులోకీ ధార పోనివ్వండి. గోళ్ల అంచుల్ని మరిచిపోవద్దు.

గట్టిపడి అంటుకున్న ముక్కలుంటే గోకకండి, పీకకండి. కింద చర్మం అప్పటికే మెత్తబడి ఉంటుంది, ముక్కతో పాటే ఊడొస్తుంది. నీళ్లు ఆడుతుండగా నానబెట్టి, మెత్తటి గుడ్డతో ఒత్తి తీయండి. రానిదాన్ని ఆసుపత్రికి వదిలేయండి. బట్టల సబ్బు, బ్రష్షు, ఇసుకతో రుద్దడం ఇవేవీ వద్దు. సబ్బు కూడా కొద్దిగా క్షారమే.

వెనిగర్ సంగతి చాలామంది అడుగుతారు. క్షారానికి విరుగుడు ఆమ్లం కదా అని. కొన్ని సైట్లలో పని అయ్యాక చేతులు కడుక్కునే నీళ్లలో కాస్త కలపమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏ గాయమూ లేని చేతికి అది వాళ్లిష్టం. కాలిన చేతి మీద మాత్రం నా మాట వద్దనే. రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుంది, తెగిన చర్మం మీద ఆమ్లం వేరే మంట పెడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా వెనిగర్ సీసా వెతికే ఐదు నిమిషాల్లో ధార కింద చెయ్యి ఉండదు.

ఆ చేత్తో కన్ను నలుపుకుని ఉంటే వరస మారిపోతుంది. ముందు కన్ను. రెప్పలు విడదీసి పట్టి ధార కింద కడుగుతూనే ఆసుపత్రికి ఫోన్ చేయించండి. కంటికి ఆలస్యం అస్సలు పనికిరాదు.

3వ అడుగు: కడిగింది చాలో లేదో చూడటం

ఇక్కడ అంచనాలు వద్దు, కాగితంతో తేల్చుకోవచ్చు. ల్యాబ్ సామాన్లు అమ్మే చోట పీహెచ్ స్ట్రిప్‌లు దొరుకుతాయి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఇవి ఉన్న సైట్లు తక్కువ. నా దృష్టిలో దూది కంటే ఇవే ముఖ్యం.

చూడాల్సిన పద్ధతి ఇది. ముందు మీరు కడుగుతున్న నీళ్లలోనే ఒక స్ట్రిప్ ముంచి రంగు చూడండి. కొన్నిచోట్ల నీళ్లే 8 దగ్గర ఉంటాయి, అది తెలియకపోతే గాయం ఇంకా శుభ్రం కాలేదని మోసపోతారు. తర్వాత కడగడం ఆపి 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే కీలకం. కడిగిన వెంటనే చూస్తే పైనున్న నీళ్ల పీహెచ్ కనిపిస్తుంది గానీ చర్మంది కాదు. ఆగితే లోపల మిగిలిన క్షారం పైకి ఊరుతుంది. అప్పుడు తడిగా ఉన్న గాయం మీద, వేళ్ల సందులో, ఉంగరం ఉన్న చోట విడివిడిగా స్ట్రిప్ ఆనించండి. మామూలు నీళ్ల రంగే వస్తే చాలు. నీలం, ఊదా వైపు తిరిగితే మళ్లీ ధార కిందికి.

స్ట్రిప్ లేకపోతే గంట సేపు కడగండి. సబ్బు జారుడు పోయి, వేలితో వేలిని రుద్దితే చర్మం మామూలుగా పట్టు ఇస్తోందా అని చూడొచ్చు. అది గట్టి గుర్తు కాదు గానీ, జారుడు ఇంకా ఉంటే మాత్రం కడగడం అయిపోలేదని తేలిపోతుంది.

4వ అడుగు: కప్పడం, ఏమీ పూయకపోవడం

కడిగాక మెత్తగా అద్ది ఆరబెట్టండి. అతుక్కోని గాజుగుడ్డ, అది లేకపోతే ఉతికిన శుభ్రమైన నూలు గుడ్డ వదులుగా కప్పండి. వేళ్ల మధ్య కూడా గుడ్డ పెట్టి ఒక్కో వేలినీ విడిగా ఉంచాలి. పచ్చి చర్మం పచ్చి చర్మానికి ఆనితే అతుక్కుంటుంది. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచితే వాపు తగ్గుతుంది. వేళ్లు మాత్రం మెల్లగా ముడుస్తూ, చాపుతూ ఉండాలి.

నూనె, టూత్‌పేస్ట్, వెన్న, ఏదో కాలిన గాయాల ఆయింట్‌మెంట్, ఏదీ వద్దు. క్షారం ఇంకా మిగిలి ఉంటే పైన జిడ్డు పూసి దాన్ని లోపలే మూసేసినట్టవుతుంది. తెల్లటి క్రీమ్ పూస్తే ఇంకో చిక్కు. మర్నాడు డాక్టర్‌కి చర్మం అసలు రంగు కనబడదు, లోతు అంచనా చాలావరకు రంగు మీదే ఆధారపడుతుంది. బొబ్బలు చిదమకండి. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు.

5వ అడుగు: 72 గంటల కాపలా

సిమెంట్ వాతలో మొదటి రోజు కనిపించేది ఆఖరి మాట కాదు. మొదటి సాయంత్రం కాస్త ఎర్రగా ఉన్నది మూడో రోజుకి నల్లటి పుండుగా మారొచ్చు. అందుకే చూసిన ప్రతిసారీ వెనకటిదానితో పోల్చుకోవాలి, జ్ఞాపకం మీద ఆధారపడితే "నిన్నా ఇలాగే ఉందిలే" అనిపిస్తుంది. ఎర్రదనం అంచు వెంట బాల్‌పెన్‌తో గీత గీయండి. రోజుకి రెండుసార్లు, ఒకే కిటికీ దగ్గర, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీయండి.

ప్రతిసారీ రెండు పరీక్షలు చేయండి. మొదటిది నొక్కుడు: శుభ్రమైన వేలితో గాయం మీద మెల్లగా నొక్కి వదలండి. పైపైన కాలితే నొక్కిన చోట తెల్లబడి, ఒకటి రెండు సెకన్లలో మళ్లీ ఎరుపు వస్తుంది. కింద రక్తం ఆడుతోందని అర్థం. రంగు నెమ్మదిగా వచ్చినా, అసలు మారకుండా ముదురు ఎరుపు మచ్చలుగానే ఉన్నా లోతు పోయినట్టు. రెండోది తాకుడు: కళ్లు మూసుకోమని, దూది కొసతో ముందు బాగున్న చర్మాన్ని, తర్వాత గాయాన్ని తాకండి. రెండూ ఒకేలా తెలిస్తే మంచిదే. గాయం మీద మొద్దుగా ఉంటే, లేదా అసలు తెలియకపోతే, అది ఉపశమనం కాదు. సూదితో గుచ్చి చూడటం ఇంట్లో చేయాల్సిన పని కాదు.

రంగులు చెప్పాలంటే, గులాబీ రంగులో తడిగా, ముట్టుకుంటే మండేది సాధారణంగా పైపొర గాయం. పాలిపోయిన తెలుపు, బూడిద, గోధుమ, నలుపు, పొడిగా తోలులా ఉన్నది లోతు గాయం. ముదురు చర్మం ఉన్నవాళ్లలో ఎరుపు తేలిగ్గా కనబడదు, అక్కడ రంగు కంటే గట్టిదనం, స్పర్శ, వాపు ఎక్కువ చెబుతాయి.

మర్నాటికి పూర్తిగా తగ్గిపోయే ఉత్త ఎరుపు తప్ప, చేతి మీద సిమెంట్ వాత ఏదైనా డాక్టర్‌కి చూపించాల్సిందే. బొబ్బ లేచినా, పైతోలు ఊడినా, తెలుపో నలుపో మచ్చ కనిపించినా, వేళ్ల కీళ్ల మీదో సందుల్లోనో ఉన్నా, వేలు చుట్టూతా ఉన్నా, ఎంత కడిగినా స్ట్రిప్ రంగు దిగకపోయినా అదే రోజు వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి ఇంకా తక్కువ తెలుస్తుంది, పుండు మానడం ఇంకా ఆలస్యం, వాళ్లు దేనికీ ఎదురుచూడొద్దు. వేలు చల్లబడినా, నీలంగా మారినా, గాయం చుట్టూ ఎరుపు మీరు గీసిన గీత దాటి పాకుతూ జ్వరం వచ్చినా అది అత్యవసరం.

ఆసుపత్రిలో ఏం చెప్పాలి

"సిమెంట్ పడి కాలింది" అనే మాటతో మొదలుపెట్టండి. ఇది చెప్పకుండా "చెయ్యి మండుతోంది, ఎర్రగా అయింది" అంటే అలర్జీ అనో ఫంగస్ అనో అనుకుని క్రీమ్ రాసిచ్చి పంపే అవకాశం ఉంది. ఆ కుర్రాడికీ రెండో రోజు పొద్దున జరిగింది అదే. అతను "గ్లౌజు పడలేదు" అని చెప్పాడు, అక్కడివాళ్లు గ్లౌజు అలర్జీకి మందు ఇచ్చారు. ఏ పదార్థం, ఎన్నింటికి అంటింది, ఎన్నింటికి తీశారు, ఎంతసేపు ఎలాంటి నీళ్లతో కడిగారు, టెటనస్ ఇంజెక్షన్ చివరిగా ఎప్పుడు వేశారు, ఇవి చెప్పండి. బస్తా మీది లేబుల్ ఫోటో, రోజువారీ ఫోటోలు చూపించండి. ఇలాంటి మురికి గాయానికి టెటనస్ వేసి ఐదేళ్లు దాటితే మళ్లీ వేస్తారు.

అలర్జీ అనుమానం పూర్తిగా తప్పు కూడా కాదు. సిమెంట్‌లోని క్రోమియం పడనివాళ్లు ఉంటారు. తేడా ఏమిటంటే, అలర్జీలో దురద ముందుంటుంది, సిమెంట్ తగలని చోటికి కూడా పాకుతుంది, పనికి వెళ్లినప్పుడల్లా తిరగబెడుతుంది. వాత అయితే సిమెంట్ నిలిచిన చోటే ఉంటుంది: ఉంగరం గుండ్రం, గ్లౌజు అంచు గీత, కారిన చార. క్రోమియం తగ్గించిన సిమెంట్ అని బస్తా మీద రాసి ఉన్నా అది అలర్జీకే పనికొస్తుంది. క్షారం అందులోనూ అంతే ఉంటుంది, వాత అలాగే పడుతుంది.

అక్కడ మళ్లీ పీహెచ్ చూసి, అవసరమైతే మళ్లీ కడుగుతారు. చచ్చిన చర్మం తీసి కట్టు కడతారు. లోతు ఎంతో మొదటి రోజే తేల్చడం వాళ్లకీ కష్టమే, అందుకే రెండు మూడు రోజుల్లో మళ్లీ రమ్మంటారు. ఆ రెండో రాకని ఎగ్గొట్టకండి. సుమారు మూడు వారాల్లో తనంతట తాను మానేలా లేని గాయాన్ని అలాగే వదిలేస్తే మచ్చ బిగుసుకుని వేలు ముడుచుకుపోతుంది. అందుకని చచ్చిన భాగం తీసేసి, తొడ మీదినుంచో మరోచోటినుంచో చర్మం తెచ్చి అతికిస్తారు. తర్వాత స్ప్లింట్, వేళ్ల వ్యాయామాలు ఉంటాయి.

మన కుర్రాడి చెయ్యి రెండు రకాలుగా మానింది. చేతి వెనక ఉన్న ఎరుపు, బొబ్బలు పన్నెండు రోజుల్లో పోయాయి. ఉంగరం కింది మచ్చ మానలేదు. అక్కడ చర్మం అతికించారు. ఉదయం పదింటికి గ్లౌజులోకి దిగిన సిమెంట్ పాలు గట్టిగా చెప్పాలంటే రెండు చెంచాలు ఉండవు. ఐదు గంటలు ఉన్నాయి, అంతే. ఒకే చేతిలో, ఒకే సిమెంట్‌తో, ఉంగరం ఉన్న చోటికీ లేని చోటికీ అంత తేడా వచ్చింది.

మళ్లీ పనికి వెళ్లేటప్పుడు

కొత్త చర్మం పూర్తిగా మూసుకునే దాకా తడి సిమెంట్ ముట్టకూడదు. మూసుకున్నాక కూడా కొన్ని నెలలు అది పల్చగా, పొడిగా, దురదగా ఉంటుంది, చిన్న రాపిడికే లేచిపోతుంది. వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకి రెండు మూడుసార్లు రాసి, మచ్చని బొటనవేలితో మెల్లగా మర్దనా చేయాలి. ఎండ తగలకుండా చూసుకోవాలి, లేకపోతే మచ్చ నల్లబడి అలాగే ఉండిపోతుంది.

గ్లౌజు క్షారాన్ని ఆపే నైట్రైల్‌దో రబ్బరుదో ఉండాలి, ముంజేతి సగం దాకా రావాలి. చెయ్యి ఎక్కువగా కిందికి వేలాడే పనిలో, అంటే నేల, స్లాబ్ పనుల్లో, చొక్కా చేతిని గ్లౌజు మీదుగా దించి టేప్ చుట్టండి. పైనుంచి కారినవి లోపలికి కాకుండా బయటి నుంచి జారిపోతాయి. తల పైకి పని చేసే సీలింగ్ ప్లాస్టరింగ్‌లో దీనికి తిరగేసి: గ్లౌజు అంచు చొక్కా చేతి మీదుగా రావాలి, దాన్ని బయటికి కాస్త మడిచిపెడితే కారినవి ఆ మడతలో ఆగుతాయి. చేతులు కడిగి ఆరబెట్టాకే గ్లౌజు వేసుకోండి. నిన్నటి గ్లౌజుని వేసుకునే ముందు లోపలి వైపు తిరగేసి చూడండి. బూడిదరంగు పొడి కనిపిస్తే అది పారేయాల్సిందే, చెమట పట్టగానే ఆ పొడి మళ్లీ తడి సిమెంట్ అవుతుంది.

ఆ కుర్రాడు ఏడో వారంలో పనికి వచ్చాడు. ఉంగరం మెడలోని దారానికి కట్టుకున్నాడు. టీ బ్రేక్‌లో గ్లౌజులు తీసి, తిరగేసి, డ్రమ్ము దగ్గర కూర్చుని వేళ్ల సందుల్లోకి నీళ్లు వదులుతుంటే పక్కవాళ్లు "ఏంట్రా, పెళ్లికొడుకువా?" అని ఆటపట్టించారు. అతను చెయ్యి చాపి అతుకు చూపించాడు. రెండు రోజులకి ఆ డ్రమ్ము దగ్గర వరస మొదలైంది.